తాతలు కొన్న డీకేటీ భూమి, మనవళ్ల మీదున్న బాకీ: చిత్తూరు, తిరుపతి జిల్లాల అధికారులకు, పొలాలున్న కుటుంబాలకు బహిరంగ లేఖ

చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లకు, రెవెన్యూ డివిజనల్ అధికారులకు, తహసీల్దార్లకు, ఈ రెండు జిల్లాల పల్లెల్లో తాతల నాటి పొలాలను అనుభవిస్తున్న కుటుంబాల వారసులకు నమస్కారాలు.

మీ పని ఒత్తిడి తెలుసు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. 1966లో మా ఊరి దళితవాడకు చెందిన ఒక భూమిలేని కూలీకి ప్రభుత్వం 1 ఎకరా 84 సెంట్ల మెట్ట భూమిని డీకేటీ పట్టాగా, అంటే అమ్మకూడదన్న షరతుతో పేదలకు కేటాయించే అసైన్డ్ భూమిగా ఇచ్చింది. 1975లో ఆ భూమి మా తాత చేతికి వచ్చింది. నేటికీ మా అన్నదమ్ముల అనుభవంలోనే ఉంది. ఈ అనుభవం చట్టానికి విరుద్ధమని ఒప్పుకుంటూ, భూమిని స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారు వారసులకు అప్పగించమని మేమే రాతపూర్వకంగా కోరాం. మండల కార్యాలయంలోనూ, సోమవారం గ్రీవెన్స్‌లోనూ అర్జీలు ఇచ్చాం. రసీదులు మా దగ్గర ఉన్నాయి. ఉత్తర్వు రాలేదు, తిరస్కరణ కూడా రాలేదు. "వాళ్లెవరూ అడగలేదు కదా సార్, మీకెందుకు ఈ తలనొప్పి" అన్న మాట మాత్రం వచ్చింది. మా బంధువుల్లో కొందరి మాట కూడా అదే. తాత చేసినదానికి మనవడు బాకీ పడతాడా అన్న ప్రశ్న ఆ మాటలో ఉంది. దానికి బహిరంగంగా జవాబు చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఆ అమ్మకం ఎలా జరిగిందో చెప్పాలి. మా ఇంటి పెట్టెలో దొరికిన కాగితానికి రిజిస్ట్రేషన్ లేదు. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద ఊదా సిరాతో వేలిముద్ర వేయించారు. సాక్షులిద్దరూ మా కులస్థులే. రాసినది ఊరి కరణం. పై వరుసలో సర్వే నంబరు పక్కన "డి.కె.టి." అని రాసి, కింద "విక్రయించినాను" అని రాశాడు. అమ్మకూడని భూమి అని రాసినవాడికి తెలుసు, కొన్నవాడికీ తెలుసు. వేలిముద్ర వేసిన పట్టాదారు మా ఇంట్లోనే జీతానికి ఉండేవాడు. కాగితంలో చూపిన ధర 700 రూపాయలు. అందులో 460 రూపాయలు వేరుశనగ విత్తనానికీ, ధాన్యానికీ మా ఇంట్లోనే తీసుకున్న పాత బాకీ కింద చెల్లు వేశారు. రొక్కంగా ఆయన చేతికి వచ్చినది 240 రూపాయలు. జీతమూ అప్పూ ధరా మూడూ ఒకే ఇంటివారు నిర్ణయించినప్పుడు దానిని ఇద్దరు సమానుల మధ్య జరిగిన బేరం అనలేం.

ఆ భూమిని ప్రభుత్వం ఆయనకు దయతలచి ఇచ్చిందని మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా లేదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతపు గ్రామాలు 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పు జరిగే వరకు చెంగల్పట్టు జిల్లాలోనివి. ఆ జిల్లా కలెక్టరుగా పనిచేసిన ట్రెమెన్‌హీర్ 1891లో అక్కడి దళిత కూలీల స్థితి మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. బీడు భూమి కోసం కూలీ దరఖాస్తు పెట్టుకుంటే ఊరి భూముల మీద వంశపారంపర్య హక్కున్న మిరాసీదారుకే ముందు హక్కు ఉండేదనీ, చివరకు గుడిసె ఉన్న జాగా కూడా మిరాసీదారు గుప్పిట్లోనే ఉండేదనీ అందులో వివరించాడు. బానిసత్వానికి చట్టబద్ధమైన గుర్తింపును 1843లోనే తీసేశారు; అయినా భూమి దొరకని మనిషి పాత యజమాని పొలం విడిచి ఎక్కడికీ పోలేకపోయాడు. ఆ నివేదిక ఫలితంగా 1892 సెప్టెంబరు 30న దళితులకు భూమి కేటాయించాలన్న ఉత్తర్వు వెలువడింది. ఇతర కులాలవారు ఆ భూములను కొనకూడదన్న షరతు ఆ కాలం నుంచే మొదలైంది. అంటే అడ్డుకున్న హక్కును ఆలస్యంగా, కొంత మేరకు తిరిగి ఇచ్చే ప్రయత్నం అది. 1966లో మా ఊళ్లో ఇచ్చిన పట్టా ఆ వరుసలో వచ్చినదే. ఒకసారి చేసిన నష్టపరిహారాన్ని మా తాత 240 రూపాయలతో తిరిగి తీసేసుకున్నాడు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పాపం తాత నుంచి మనవడికి సంక్రమించదు. ఇది నేను పూర్తిగా ఒప్పుకుంటాను. 1975లో పుట్టని మా తమ్ముడిని దోషి అనే హక్కు ఎవరికీ లేదు. కానీ భూమి సంక్రమించింది. దానిమీద ఉన్న బాధ్యత మాత్రం తాతతోనే పోయిందని ఎలా అంటాం? మన ధర్మశాస్త్రాలు ఈ తేడాను ఎప్పుడో గుర్తించాయి. తండ్రి తాగుడుకూ జూదానికీ చేసిన అప్పు కొడుకు తీర్చనక్కరలేదని, న్యాయమైన అవసరానికి చేసిన అప్పు తీర్చాలని చెప్పాయి. ఆ నియమం మన కోర్టుల్లో 2005 వరకు చెల్లింది. ఆ ఏడాది హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ, కేవలం కొడుకు అయినందుకే తండ్రి అప్పు తీర్చాలన్న బాధ్యతను ఆపై చేసిన అప్పుల విషయంలో తీసేసింది. మిగిలిన నియమం సివిల్ ప్రొసీజర్ కోడ్ 52వ సెక్షన్‌లో ఉంది: చనిపోయినవారి మీది డిక్రీని వారసుడి సొంత ఆస్తి నుంచి కాక, వారసుడికి వచ్చిన ఆస్తి నుంచి వసూలు చేసుకోవచ్చు. బ్యాంకు అప్పు విషయంలో మనమందరం ఈ న్యాయాన్ని పాటిస్తాం. నాన్న పేరున ఉన్న పొలం మీద తాకట్టు ఉంటే, ఆ అప్పు నేను చేయలేదు కనుక పొలం నాకు, అప్పు బ్యాంకుకు అని ఎవరూ అనరు. దళితవాడ మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది మనకు గుర్తుండదు.

ప్రభుత్వాలు ఈ విషయంలో వ్యక్తుల కంటే ఎక్కువగా కట్టుబడి ఉంటాయి, ఎందుకంటే వాటికి చావు లేదు. బ్రిటన్ 1833లో తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది. ఆ పరిహారం వెళ్లింది బానిసలకు కాదు, యజమానులకు. దానికోసం చేసిన అప్పులో చివరి భాగం 2015లో తీరిందని ఆ దేశపు ఆర్థిక శాఖే చెప్పింది. 180 ఏళ్ల పాటు తరతరాల పన్ను చెల్లింపుదారులు, అందులో బానిసల వారసులు కూడా, తాము పుట్టకముందు చేసిన అప్పును కట్టారు. యజమానులకు ఇవ్వాల్సినది అన్ని తరాలు దాటి వచ్చి చెల్లినప్పుడు, కూలీకి ఇవ్వాల్సినది ఒక్క తరానికే కాలం చెల్లిందనడం న్యాయం కాదు.

మన రాష్ట్రంలో చట్టం ఈ విషయాన్ని ఎవరి ఔదార్యానికీ వదిలిపెట్టలేదు. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం 3వ సెక్షన్, ఇలాంటి భూమి అసలు ఎన్నడూ బదలాయింపు కానట్టే భావించాలని చెబుతోంది. చట్టం రాకముందు జరిగిన అమ్మకాలకూ ఇది వర్తిస్తుంది. 4వ సెక్షన్ కింద తహసీల్దారు స్థాయి అధికారి అనుభవదారుని తొలగించి భూమిని అసలు పట్టాదారుకు గానీ వారసులకు గానీ తిరిగి ఇవ్వవచ్చు. ఎవరో ఫిర్యాదు చేస్తేనే కదలాలని ఆ సెక్షన్‌లో లేదు. ఉల్లంఘన జరిగిందని అధికారికి నమ్మకం కలిగితే చాలు. అనుభవదారుడే వచ్చి ఉల్లంఘన జరిగిందని రాసిస్తే, అంతకంటే నమ్మకమైన ఆధారం ఇంకేం కావాలి? కర్ణాటకలో ఇలాంటి 1978 నాటి చట్టాన్ని, కొన్నవారు వేసిన సవాళ్లను తోసిపుచ్చి, సుప్రీంకోర్టు 1984లోనే సమర్థించింది.

చట్టం అందరినీ ఒకే గాటన కట్టలేదన్నది కూడా చెప్పాలి. 1977 జనవరి 21కి ముందు, భూమిలేని పేదవాడే మంచి విశ్వాసంతో డబ్బిచ్చి కొని అనుభవిస్తుంటే అతనికి మినహాయింపు ఉంది. మాగాణి రెండున్నర ఎకరాలు, మెట్ట ఐదెకరాలు దాటనివారిని పేదల లెక్కలో వేశారు. కోస్తా, రాయలసీమల్లో 1954 జూన్ 18 నాటి ఉత్తర్వు తర్వాతే డీకేటీ పట్టాల్లో అమ్మకూడదన్న షరతు సాధారణమైంది. అంతకు ముందు షరతు లేకుండా ఇచ్చిన భూములు ఈ చట్టం కిందికి రావు. మా తాతకు ఈ మినహాయింపులు ఏవీ వర్తించవు. ఆయనకు అప్పటికే చెరువు కింద మడి ఉంది, బావి కింద మెట్ట ఉంది.

మా బంధువులు అడిగే ప్రశ్నల్లో రెండింటికి జవాబు చెప్పాలి. మామిడి చెట్లు పెట్టి, బోరు వేసి బంజరును తోట చేసింది మనమే కదా అన్నది మొదటిది. నిజమే, మా నాన్న అక్కడ తోతాపురి పెట్టాడు, అది కాపుకొచ్చి దశాబ్దాలైంది. పెట్టిన ఖర్చు కంటే ఎన్నో రెట్లు పల్ప్ ఫ్యాక్టరీల తూకం చీటీల రూపంలో మా ఇంటికి చేరింది. పాత ఫలసాయం లెక్కగట్టి కట్టమని చట్టం మమ్మల్ని అడగడం లేదు. చెట్లకు ధర మేము అడగడం అన్యాయం. తిరిగి ఇస్తే రేపు మళ్లీ అమ్ముకుంటారన్నది రెండోది. ఈ అనుమానం మన అప్పుల విషయంలో మన మీద ఎవరూ చూపలేదు. మళ్లీ అమ్ముడుపోతే భూమిని వేరే పేదలకు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆ జాగ్రత్త ప్రభుత్వం చూసుకుంటుంది.

ఈ ఆలస్యం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టమూ, మేము కోరుతున్నవీ కింద వరుసగా ఉంచుతున్నాను.

1. మా ఊరి అడంగల్‌లో పట్టాదారు కాలమ్‌లో చనిపోయిన ఆయన పేరు ఉంది, అనుభవదారు కాలమ్‌లో మా పేరు ఉంది. ఈ రెండు పేర్ల తేడాయే ఇలాంటి భూములను గుర్తుపట్టే మొదటి గుర్తు. దీనివల్ల ఆయన పిల్లలు కాగితం మీద భూమి ఉన్నవాళ్లు, పొలంలో భూమి లేనివాళ్లు అయ్యారు. ఇదివరకే పట్టా ఇచ్చాం కదా అని వారికి కొత్తగా భూమి ఇవ్వరు. అనుభవం లేదు కనుక బ్యాంకు పంట రుణమూ ఇవ్వదు. కొడుకు ఇటుకల బట్టీల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. ఆ ఇంటి మూడో తరం చెన్నైలో కూలిపనికి వెళ్లింది. రెండు కాలమ్‌లలో పేర్లు వేరుగా ఉన్న ప్రతి అసైన్డ్ సర్వే నంబరు జాబితాను గ్రామ సచివాలయం గోడ మీద, దళితవాడలో ప్రదర్శించాలి.

2. 2023లో చేసిన సవరణ ప్రకారం, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసైన్డ్ వ్యవసాయ భూమిని అసలు పట్టాదారు లేదా వారసులు అమ్ముకోవచ్చు. పొలం చేతిలో ఉన్న పేదకు ఇది నిజమైన హక్కు. పొలం చేతిలో లేని వారసుడికి మాత్రం ఇది కొత్త ప్రమాదం. అనుభవదారుడు నాలుగు వేలో పది వేలో చేతిలో పెట్టి సంతకాలు తీసుకుంటే, నిన్నటి వరకు చెల్లని అమ్మకం రేపు చెల్లుబాటైపోతుంది. 2024లో ప్రభుత్వం ఇలా ఫ్రీహోల్డ్ చేసిన భూముల రిజిస్ట్రేషన్లను అక్రమాల ఆరోపణల మీద నిలిపివేసింది. ఆ నిలుపుదల ఎప్పటికైనా ఎత్తేయాల్సిందే. ఎత్తేసే ముందు, అసలు పట్టాదారు కుటుంబం పొలంలో ఉందో లేదో తనిఖీ చేసిన తర్వాతే రిజిస్ట్రేషన్లు చేయకూడని 22-ఎ నిషేధిత జాబితా నుంచి తొలగించాలి. ముందు భూమి చేతికి రావాలి, ఆ తర్వాతే అమ్మే హక్కు. ఈ క్రమం తారుమారైతే 1977 చట్టం ఆపిన దోపిడీని 2023 సవరణ పూర్తిచేసినట్టవుతుంది.

3. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. పక్కనున్న సొంత పట్టాతో కలిపి దున్నుతున్న డీకేటీ ముక్క హద్దులు కొలతల్లో కలిసిపోతే, తర్వాత ఏ వారసుడూ దానిని వెతికి పట్టుకోలేడు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయిన సంగతి అందరికీ తెలుసు. కారణం తేల్చడం దర్యాప్తు చేసేవారి పని. పేదవాడి హక్కు ఒకే ఒక్క కాగితం మీద ఆధారపడితే ఏమవుతుందో మాత్రం మనం చూశాం. అసైన్‌మెంట్ రిజిస్టర్ల నకళ్లను గ్రామాల వారీగా ప్రజలకు అందుబాటులో ఉంచాలి.

4. భూమిని తిరిగి ఇప్పించమన్న ఇలాంటి దరఖాస్తు సహేతుకమైన కాలంలోపు పెట్టుకోలేదన్న కారణంతో కర్ణాటకకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2017లో తిరస్కరించింది. ఆ రాష్ట్రం 2023లో చట్టాన్ని సవరించి కాలపరిమితి అడ్డును తీసేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా అలా స్పష్టంగా చెప్పకపోతే, అధికారులు అర్జీ మీద కూర్చున్న ప్రతి ఏడాదీ రేపు కోర్టులో వారసుల మీదికే వస్తుంది. ఆలస్యం చేసింది ఒకరు, శిక్ష మరొకరికి.

5. భూమిని ఇచ్చినట్టు ఉత్తర్వు రాస్తే సరిపోదు. మా 1 ఎకరా 84 సెంట్లకు మూడు వైపులా మా సొంత పట్టాయే ఉంది, నాలుగో వైపు గుట్ట. దారి మా పొలంలోంచి, నీళ్లు మా బోరు నుంచి. దారీ నీళ్లూ లేని భూమి చేతికొస్తే ఏడాది తిరగకుండా దానిని మళ్లీ మాకే కౌలుకు ఇవ్వాల్సి వస్తుంది. అందుచేత బండి వెళ్లే దారిని, వంతుల ప్రకారం నీటిని వదులుతామని మేము రాసిచ్చిన ఒప్పందాన్ని ఉత్తర్వులో చేర్చమని అడిగాం. ఇకపై ఇచ్చే ప్రతి పునరుద్ధరణ ఉత్తర్వులోనూ దారి, నీరు, హద్దురాళ్లు మూడూ ఉండాలి. కూతుళ్లు సహా వారసులందరి పేర్లూ ఉండాలి. లేకపోతే ఊళ్లో మిగిలిన ఒక్క కొడుకు చేత సంతకం పెట్టించుకుని మిగతావారిని తప్పించడం చాలా తేలిక.

6. ఇళ్ల లేఅవుట్లు, రోడ్లు, క్వారీలుగా మారి తిరిగి ఇవ్వలేని భూములున్నాయి. అక్కడ వేరే భూమి గానీ డబ్బు గానీ ఇవ్వాలి. ధరకు కొలమానం మన హైకోర్టు 2004లోనే చెప్పింది: ప్రజావసరానికి అసైన్డ్ భూమిని తీసుకున్నా, సొంత పట్టా ఉన్నవారితో సమానంగా మార్కెట్ ధర చెల్లించాలని మేకల పాండు కేసులో విస్తృత ధర్మాసనం తీర్పునిచ్చింది. ప్రభుత్వం తీసుకున్నప్పుడు చెల్లించే ఆ ధరే, ప్రభుత్వం చూస్తుండగా పోయిన భూమికీ చెల్లించాలి. అనుభవదారులు కట్టగలిగిన చోట వారి నుంచి వసూలు చేయవచ్చు. వారు పేదలైన చోట భారం ప్రభుత్వానిదే.

7. స్వచ్ఛందంగా తిరిగి ఇస్తామనే కుటుంబాల అర్జీలను 4వ సెక్షన్ కింద తీసుకుని, నిర్ణీత గడువులో రాతపూర్వకమైన ఉత్తర్వు ఇవ్వమని తహసీల్దార్లకు కలెక్టర్లు సర్క్యులర్ పంపాలి. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి. నోటిమాట మీద అప్పీలు చేయలేము.

పొలాలున్న కుటుంబాల వారసులకు వేరుగా ఒక విన్నపం. మీ ఇంటి 1-బీ తీయించి, అడంగల్ పక్కన పెట్టి చూడండి. పట్టాదారు కాలమ్‌లో మీది కాని పేరు కనబడితే, ఆ పేరున్న మనిషి పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో మీకు చాలావరకు తెలిసే ఉంటుంది. వారి ఇల్లు మీ ఊరిలోనే, చెరువు కట్టకు అవతలో, రోడ్డుకు అవతలో ఉంటుంది. వారు అడగలేదంటే వారికి అక్కర లేదని కాదు. మా ఇంట్లో జీతానికి ఉన్నాయన కొడుకును ఈ సంగతి మీద కలిసినప్పుడు ఆయన మంచం మీద నుంచే అడిగిన మొదటి మాట, "ఇది రాసిస్తే మీవాళ్లు మా పిల్లోళ్లను ఏమీ అనరు కదా అయ్యా?" అని. భయపడి ఊరుకున్నారు తప్ప హక్కు వదులుకోలేదు.

మా సర్వే నంబరు, 1975 నాటి కాగితం నకలు, మేము నలుగురు అన్నదమ్ములం సంతకాలు చేసిన అఫిడవిట్, పట్టాదారు వారసుల పేర్ల జాబితా, దారి, నీళ్ల ఒప్పందం కలెక్టర్ల కార్యాలయాలకు పంపే ప్రతులకు జతచేస్తున్నాను. వారసుల భద్రత దృష్ట్యా వాటిని ఈ బహిరంగ ప్రతిలో చేర్చలేదు. తోతాపురి కోతలు మొదలయ్యేలోపు ఉత్తర్వు ఇప్పించగలరని కోరుతున్నాను. ఈసారి కాపు తూకం చీటీ ఆ కుటుంబం పేరున రావాలి.

ఇట్లు,
చిత్తూరు జిల్లా తూర్పు మండలాల రైతు ఒకరు, అన్నదమ్ముల తరఫున